భార్యాభర్తలు కలిసి హోమ్ లోన్ తీసుకుంటే: పన్ను మినహాయింపు ఎవరికెంత, అప్పు ఎవరి మీద ఎంత

బాచుపల్లిలోనో తెల్లాపూర్‌లోనో ఏ వెంచర్‌కి వెళ్లినా, ఫ్లాట్ చూపించిన తర్వాత లోన్ మనిషి చెప్పే మొదటి మాట ఒకటే. "మేడం పేరు కూడా కలపండి సార్, ఇద్దరికీ కలిపి 7 లక్షల దాకా ట్యాక్స్ మినహాయింపు వస్తుంది." ఒకప్పుడు ఈ మాట చాలామందికి అక్షరాలా నిజం. ఇప్పుడు చాలా ఇళ్లలో కాదు. ఈ మాట వెనక ఎవరూ విడమరచి చెప్పని రెండో సంగతి ఒకటుంది, పన్ను మినహాయింపు వాటాల ప్రకారం పంచుకుంటారు గానీ అప్పు మాత్రం వాటాల ప్రకారం ఉండదు, మొత్తం అప్పుకి ఇద్దరిలో ప్రతి ఒక్కరూ పూర్తిగా బాధ్యులే. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడకుండా సంతకం పెట్టకండి.

ఒకే ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచీ చివరిదాకా వెళ్దాం. శ్రీకాంత్, మాధవి అనుకోండి. ఆయన జీతం ఏడాదికి 24 లక్షలు, ఆవిడది 12 లక్షలు. బాచుపల్లిలో 80 లక్షల ఫ్లాట్ కొంటున్నారు, లోన్ 60 లక్షలు, 20 ఏళ్లు, వడ్డీ 8.5 శాతం. ఈఎంఐ సుమారు 52,070 అవుతుంది. మొదటి ఏడాది మొత్తం కట్టేది దాదాపు 6.25 లక్షలు, అందులో వడ్డీకే 5.05 లక్షలు పోతుంది, అసలులో తగ్గేది 1.19 లక్షలు మాత్రమే. మీ లెక్కకి మీ అంకెలు పెట్టుకోండి, పద్ధతి ఇదే.

మొదటి అడుగు: మూడు పాత్రలు విడదీసి చూసుకోండి

"ఇద్దరి పేరు మీదా ఉంది" అని మనం అలవాటుగా అనేస్తాం. ఏది ఇద్దరి పేరు మీద ఉంది? ఇల్లా, లోనా, ఈఎంఐ కట్టే ఖాతానా? ఇవి మూడూ వేర్వేరు. సేల్ డీడ్‌లో కొనుగోలుదారుగా పేరుంటే సహ యజమాని. బ్యాంకు లోన్ అగ్రిమెంట్‌లో సంతకం పెడితే సహ రుణగ్రహీత. జేబులోంచి డబ్బు తీసి కట్టేవాళ్లు కట్టేవాళ్లు. పన్ను మినహాయింపు కావాలంటే ఈ మూడూ ఒకే మనిషిలో ఉండాలి, ఒక్కటి తగ్గినా మినహాయింపు నిలబడదు. అప్పు మెడకి చుట్టుకోవడానికి మాత్రం రెండోది ఒక్కటి చాలు.

అందుకే అన్నిటికంటే ప్రమాదకరమైనది లోన్‌లో పేరుండి డీడ్‌లో లేకపోవడం. ఇది మన ఇళ్లలో తరచుగా జరిగేదే. ఇల్లు భర్త పేరు మీదో, అత్తగారి పేరు మీదో రిజిస్టర్ అవుతుంది, అర్హత సరిపోవడం లేదని కోడలి జీతం కలిపి లోన్ తీసుకుంటారు. ఇంటి యజమానులంతా లోన్‌లో ఉండాలని బ్యాంకులు సాధారణంగా పట్టుబడతాయి గానీ, లోన్‌లో ఉన్నవాళ్లంతా యజమానులు కావాలని పట్టుబట్టవు. అలా సంతకం పెట్టిన అమ్మాయికి పన్ను మినహాయింపు రూపాయి కూడా రాదు, ఇంట్లో వాటా లేదు, 60 లక్షల అప్పు మాత్రం పూర్తిగా ఉంటుంది. మీ జీతం కలుపుతున్నారంటే డీడ్‌లో మీ పేరు ఉండాలని అడగండి, ఇందులో మొహమాటపడే పనేం లేదు.

దీనికి తిరగేసిన పరిస్థితి కూడా ఉంది. భార్యకి ఆదాయం లేదు, ఆవిడ పేరు ప్రేమగా సగం వాటాకి పెట్టారు, డబ్బంతా భర్తే కడుతున్నాడు. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే పన్ను లెక్కలో ఆవిడ వాటాకి కూడా ఆయన్నే యజమానిగా చూస్తారు, ఆ వాటా మీద వచ్చే అద్దె ఆయన ఆదాయంలోనే కలుస్తుంది. మినహాయింపూ ఆయనకే, ఒక్క మనిషి పరిమితి మేరకే. ఆవిడ పేరుతో ఇంకో 2 లక్షలు చూపించడం కుదరదు.

రెండో అడుగు: పన్ను లెక్క ముందే వేసుకోండి, మినహాయింపు నిజంగా వస్తుందా?

పాత పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటికి, వడ్డీ మీద ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 24(బి) కింద ఒక్కొక్కరికి ఏడాదికి 2 లక్షల దాకా, అసలు మీద 80సి కింద ఒక్కొక్కరికి 1.5 లక్షల దాకా మినహాయింపు ఉంది. ఇద్దరికీ కలిపితే 7 లక్షలు, లోన్ మనిషి చెప్పేది ఈ అంకే. 80సి పరిమితిలోనే మీ పీఎఫ్, ఎల్ఐసీ, పిల్లల ట్యూషన్ ఫీజు కూడా ఉన్నాయి కనుక, ఉద్యోగస్తులకి అసలు మీద కొత్తగా మిగిలేది చాలాసార్లు ఏమీ ఉండదు. (2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం 2025 అమలు, అందులో సెక్షన్ నంబర్లు వేరు. జనం నోట్లో నానినవి పాత నంబర్లే కాబట్టి ఇక్కడ అవే వాడుతున్నాను.)

మొదట వాటాల లెక్క చూద్దాం. వడ్డీని యజమానుల వాటా ప్రకారం పంచుతారు, ఆ తర్వాత ఒక్కొక్కరి మీద 2 లక్షల పరిమితి పడుతుంది. మన ఉదాహరణలో వడ్డీ 5.05 లక్షలు. చెరి సగం అయితే ఒక్కొక్కరికి 2.52 లక్షలు, ఇద్దరూ 2 లక్షల దగ్గర ఆగుతారు. 60:40 అయితే 3.03, 2.02 లక్షలు, ఇప్పుడూ ఇద్దరికీ పూర్తి 2 లక్షలు వస్తాయి. జీతాల నిష్పత్తిలో 2:1 పెట్టుకుంటే శ్రీకాంత్ వాటా వడ్డీ 3.37 లక్షలు, మాధవిది 1.68 లక్షలు. అప్పుడు ఆయనకి 2 లక్షలు పోగా మిగిలిన 1.37 లక్షలు వృథా, ఆవిడకి ఇంకా ఖాళీ ఉన్నా అది ఆవిడకి బదిలీ కాదు. ఏటా "ఈసారి నువ్వు ఎక్కువ చూపించు, వచ్చేసారి నేను" అని మార్చుకోవడం కూడా కుదరదు, డీడ్‌లో ఉన్న వాటాయే ప్రతి ఏడూ నడుస్తుంది.

ఇక అసలు ప్రశ్న, ఈ మినహాయింపు మీకు పనికొస్తుందా? కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు, 80సి కూడా లేదు. ఇప్పుడు మీరు ఏమీ చెప్పకపోతే పడేది కొత్త విధానమే. కాబట్టి హోమ్ లోన్ మినహాయింపు కావాలంటే పాత విధానం ఎంచుకోవాలి, ఎంచుకున్నాక మొత్తం పన్ను తగ్గాలి. 2025-26 రేట్లతో లెక్క వేద్దాం.

మాధవి కొత్త విధానంలో ఉంటే, 12 లక్షల్లోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 11.25 లక్షలు. 12 లక్షల లోపు రిబేటు ఉంది కాబట్టి ఆవిడ కట్టాల్సిన పన్ను సున్నా. అదే పాత విధానంలోకి వెళ్లి, 50,000 స్టాండర్డ్ డిడక్షన్, 80సి 1.5 లక్షలు, వడ్డీ 2 లక్షలు అన్నీ పూర్తిగా చూపించినా 8 లక్షల మీద పన్ను పడుతుంది, సెస్సుతో 75,400. లోన్ మినహాయింపు కోసం పాత విధానానికి వెళ్తే ఆవిడ లేని పన్ను కొనితెచ్చుకున్నట్టే.

శ్రీకాంత్ సంగతి? కొత్త విధానంలో 23.25 లక్షల మీద పన్ను, సెస్సుతో కలిపి 2,92,500. పాత విధానంలో 80సి, వడ్డీ రెండూ పూర్తిగా వాడుకుని 20 లక్షల మీద పన్ను 4,29,000. తేడా 1,36,500, అది కూడా కొత్త విధానం వైపే. ఆయన జీతానికి పాత విధానం లాభం కావాలంటే స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా దాదాపు 7.9 లక్షల మినహాయింపులు చూపించాలి. సొంత ఇంట్లో ఉంటూ అంత చూపించడం కష్టం. ఫ్లాట్ బాచుపల్లిలో, ఉద్యోగం ఆదిభట్లలో, పిల్లల స్కూలు కోసం అటువైపు అద్దెకుంటూ హెచ్‌ఆర్‌ఏ పెద్ద మొత్తంలో తీసుకునేవాళ్లకి ఎప్పుడైనా పాత విధానం కుదరొచ్చు. అలాంటివాళ్లు ఇద్దరికీ విడివిడిగా లెక్క వేసుకోండి, భార్య ఒక విధానంలో, భర్త ఇంకో విధానంలో ఉండొచ్చు. జీతం మాత్రమే ఉన్నవాళ్లు ఏటా రిటర్న్ గడువు లోపల దాఖలు చేసేటప్పుడు మార్చుకోవచ్చు, వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లకి ఆ వెసులుబాటు లేదు.

ఫ్లాట్ అద్దెకిస్తే లెక్క వేరు. కొత్త విధానంలో కూడా అద్దెకిచ్చిన ఇంటి వడ్డీని అద్దె ఆదాయంలోంచి తీసేయొచ్చు. నెలకి 25,000 అద్దె అంటే ఏడాదికి 3 లక్షలు, అందులో 30 శాతం మరమ్మతుల కింద పోను 2.1 లక్షలు. మన ఉదాహరణలో వడ్డీ అంతకంటే ఎక్కువ కాబట్టి ఇద్దరికీ అద్దె మీద పన్ను పడదు. మిగిలిన వడ్డీని మాత్రం కొత్త విధానంలో జీతంలోంచి తగ్గించుకోనివ్వరు. అద్దె ఒక్కరి ఖాతాలోనే పడుతున్నా, చూపించాల్సింది వాటాల ప్రకారమే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ లెక్క వేశాక మీకు పన్నులో ఏమీ మిగలకపోతే, జాయింట్ లోన్‌కి మిగిలే కారణాలు రెండే. ఇద్దరి జీతాలు కలిస్తే ఎక్కువ లోన్ వస్తుంది, ఇద్దరికీ ఇంటి మీద హక్కు ఉంటుంది. రెండూ మంచి కారణాలే. మహిళ పేరుంటే కొన్ని బ్యాంకులు వడ్డీలో 0.05 శాతం తగ్గిస్తాయి కూడా. కానీ "ట్యాక్స్ కోసం" అని మాత్రం మొదలుపెట్టకండి.

మూడో అడుగు: వాటా ఎంతో డీడ్‌లో రాయించండి

రిజిస్ట్రేషన్ రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డాక్యుమెంట్ రైటర్ తెచ్చే కాగితంలో చాలాసార్లు ఇద్దరి పేర్లు వరసగా ఉంటాయి, వాటా ఊసే ఉండదు. తర్వాత గొడవ వస్తే ఎవరు ఎంత డబ్బు పెట్టారన్నదాన్ని బట్టి వాటా తేలుస్తారు, రుజువులు లేకపోతే చెరి సగం అని భావిస్తారు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 45 చెప్పేది ఇదే. పన్ను విషయంలో కూడా విడివిడిగా మినహాయింపు కావాలంటే వాటాలు స్పష్టంగా ఉండాలి. కాబట్టి డ్రాఫ్ట్ ముందురోజే తెప్పించుకుని "కొనుగోలుదారు 1కి ఇంత శాతం, కొనుగోలుదారు 2కి ఇంత శాతం" అనే వాక్యం ఉందో లేదో చూడండి, లేకపోతే చేర్చమనండి. ఒక్క వాక్యం.

శాతం ఎంత పెట్టాలి? నిజంగా ఎవరెంత పెడుతున్నారో అంత. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం, 80 లక్షలకి 6 లక్షలు. చేతి డబ్బు 20 లక్షలు, ఈ 6 లక్షలు, ఆ తర్వాత 20 ఏళ్ల ఈఎంఐలు, వీటన్నిటిలో మాధవి మూడో వంతు పెడుతుంటే మూడో వంతు రాయించండి. పన్ను కోసం 40 శాతం రాసి, కట్టేది మాత్రం 10 శాతమే అయితే రేపు ప్రశ్న వచ్చినప్పుడు జవాబుండదు. తర్వాత మార్చుకుందాంలే అనుకోకండి. వాటా మార్చాలంటే మళ్లీ గిఫ్ట్ డీడో రిలీజ్ డీడో రిజిస్టర్ చేయించాలి, ఖర్చు మళ్లీ పెట్టాలి, లోన్ ఉండగా అయితే బ్యాంకు ఒప్పుకోవాలి.

ఇక్కడే తప్పిపోయే ఇంకో పని, ఆస్తి విలువ 50 లక్షలు లేదా అంతకు మించితే అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ పట్టి కట్టాలి. కొనేవాళ్లు ఇద్దరైతే ఫారాలు కూడా రెండు, ఎవరి పాన్‌తో వాళ్లు, ఎవరి వాటాకి వాళ్లు. మన ఉదాహరణలో మొత్తం 80,000. భర్త తన పాన్ మీదే మొత్తం కట్టేస్తే భార్య వాటాకి కట్టనట్టే లెక్క, తర్వాత ఆవిడ పేరున నోటీసు వస్తుంది.

నాలుగో అడుగు: లోన్ అగ్రిమెంట్‌లో మీరు దేనికి సంతకం పెడుతున్నారో చదవండి

యాభై అరవై పేజీల కట్ట ఇచ్చి, పెన్సిల్‌తో టిక్ పెట్టిన చోటల్లా సంతకం పెట్టమంటారు. అందులో రుణగ్రహీతలందరూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు అన్న అర్థం వచ్చే వాక్యం వెతకండి. అది లేని హోమ్ లోన్ అగ్రిమెంట్ ఉండదు. భారత ఒప్పంద చట్టం 1872, సెక్షన్ 43 కూడా అదే చెబుతుంది, ఇద్దరు కలిసి మాట ఇస్తే, అప్పిచ్చినవాడు వాళ్లలో ఏ ఒక్కరినైనా మొత్తం తీర్చమని అడగొచ్చు. మాధవి వాటా మూడో వంతే కదా, ఆవిడ బాధ్యత 20 లక్షలే కదా అంటే కాదు. శ్రీకాంత్ కట్టడం మానేస్తే బ్యాంకు ఆవిడ్ని మొత్తం 60 లక్షలకీ అడగొచ్చు. ఆవిడ కట్టేశాక ఆయన వాటా డబ్బు ఆయన దగ్గర వసూలు చేసుకునే హక్కు ఉంది గానీ, అది వాళ్లిద్దరి మధ్య వ్యవహారం, బ్యాంకుకి సంబంధం లేదు.

ఈ బాధ్యత గొడవలు రాకముందే కనిపిస్తుంది, సిబిల్ రిపోర్టులో. ఇద్దరి రిపోర్టుల్లోనూ మొత్తం 60 లక్షలు, మొత్తం 52,070 ఈఎంఐ కనిపిస్తాయి, సగం కాదు. మాధవి చేతికొచ్చే జీతం 90,000 అనుకుంటే, రేపు తన పేరున కారు లోనుకి వెళ్తే బ్యాంకు మొదట ఆ 52,070 తీసేసి చూస్తుంది. తను కట్టేది 17,000 అని చెప్పినా మామూలుగా వినరు.

ఈఎంఐ తప్పితే ఏం జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. గడువు దాటిన మొదటి రోజు నుంచే ఖాతా ఒత్తిడిలో ఉన్నట్టు గుర్తు పడుతుంది, ఇద్దరి సిబిల్‌కీ చేరుతుంది. 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆ తర్వాత సర్ఫేసీ చట్టం 2002 కింద 13(2) నోటీసు, 60 రోజుల గడువు, అప్పటికీ కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకునే చర్యలు మొదలుపెట్టొచ్చు. స్వాధీనం చర్య మీద 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్ డీఆర్‌టీకి వెళ్లొచ్చు. నోటీసు ఇంటి అడ్రసుకి వస్తుంది. భార్య వేరేచోట ఉంటుంటే ఆవిడకి అసలు తెలియకపోవచ్చు, అందుకే ఇద్దరి ఫోన్ నంబర్లూ, ఈమెయిల్‌లూ లోన్ ఖాతాలో విడివిడిగా ఉండాలి. చాలా ఫారాల్లో రెండుచోట్లా భర్త నంబరే రాసేస్తారు. అది సరిచేయించండి.

ఐదో అడుగు: ఈఎంఐ దారి, రుజువులు

ఈఎంఐ ఒక్క ఖాతాలోంచే పోతుంది. అది భర్త జీతం ఖాతా అయితే, కాగితం మీద మొత్తం ఆయనే కడుతున్నట్టు. సులువైన పద్ధతి ఒక జాయింట్ ఖాతా తెరిచి, ఈఎంఐ దాన్నుంచే పోయేలా పెట్టుకోవడం. ప్రతి నెలా 1వ తేదీన శ్రీకాంత్ ఖాతా నుంచి 34,700, మాధవి ఖాతా నుంచి 17,400 ఆటోమేటిక్‌గా అందులోకి వెళ్లేలా పెట్టుకోవాలి. ఇంటి ఖర్చులు నువ్వు చూడు, ఈఎంఐ నేను చూస్తా అనే సర్దుబాటు చాలా ఇళ్లలో ఉంటుంది, సంసారానికి అది బాగానే ఉంటుంది. కానీ పదేళ్ల తర్వాత ఇంటి మీద ఎవరు ఎంత పెట్టారన్న ప్రశ్న వస్తే, కిరాణాకీ స్కూలు ఫీజులకీ జీతమంతా పెట్టిన మనిషి చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. నాకు తెలిసిన ఒకావిడకి సరిగ్గా ఇదే జరిగింది. అందుకే ఇంటి ఖర్చులు ఎలా పంచుకున్నా ఈఎంఐ మాత్రం ఇద్దరి ఖాతాల్లోంచి కనిపించేలా వెళ్లాలని గట్టిగా చెబుతాను. మధ్యలో బోనస్ వచ్చి అసలు కొంత ముందే కట్టినా అది కూడా ఎవరు కట్టారో అదే దారిలో కనిపించాలి. ఫ్లోటింగ్ వడ్డీ లోన్‌కి ముందుగా కట్టినందుకు వ్యక్తుల దగ్గర చార్జీ వసూలు చేయకూడదు.

ఏటా ఏప్రిల్‌లో బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తీసుకోండి. అందులో ఇద్దరి పేర్లూ ఉండాలి, అంకె మాత్రం మొత్తానికి ఒక్కటే ఉంటుంది, వాటా మీరే వేసుకోవాలి. పాత విధానంలో చూపించేవాళ్లు ఆఫీసుకి దానితో పాటు డీడ్‌లో వాటా ఉన్న పేజీ ఇస్తే అడగాల్సిన ప్రశ్నలు ఉండవు. రిటర్న్‌లో మీ వాటా శాతం, రెండో యజమాని పాన్, లోన్ ఖాతా వివరాలు అడుగుతారు. ఇద్దరి రిటర్నుల్లో శాతాలు కలిపితే 100 కావాలి. ఇద్దరూ మొత్తం వడ్డీ చూపించేయడం అన్నిటికంటే మామూలు తప్పు.

కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ అయితే ఒక్క మాట. ఇల్లు చేతికి వచ్చేదాకా 24(బి) మొదలుకాదు. అప్పటిదాకా కట్టిన వడ్డీని తర్వాత అయిదు సమాన భాగాలుగా, అదే 2 లక్షల పరిమితి లోపల చూపించుకోవాలి. లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదేళ్లలో ఇల్లు పూర్తికాకపోతే పరిమితి 30,000కి పడిపోతుంది.

ఆరో అడుగు: విడిపోతే, ఎవరైనా పోతే

ఈ మాట ఎత్తడానికి ఎవరికీ ఇష్టం ఉండదు, నాకూ ఉండదు, కానీ 20 ఏళ్ల అప్పు ఇది.

విడాకులైతే, కోర్టు తీర్పులో "ఇకపై ఈఎంఐ భర్తే కట్టాలి" అని ఉన్నా బ్యాంకుకి అది వర్తించదు. బ్యాంకు ఆ కేసులో పార్టీ కాదు, దాని అగ్రిమెంట్ దానికి ఉంది. ఆయన కట్టకపోతే ఆవిడ సిబిల్ దెబ్బతింటుంది. లోన్‌లోంచి పేరు తీయించాలంటే మిగిలిన వ్యక్తి ఒక్కరి ఆదాయంతో లోన్ నిలబడుతుందని బ్యాంకుకి నమ్మకం కలగాలి, లేదా ఆ లోన్ మూసి ఒక్కరి పేరున కొత్త లోన్ తీసుకోవాలి. వరుస ఇలా ఉండాలి: ముందు లోన్‌లోంచి బయటపడే రాతపూర్వక ఒప్పుదల, ఆ తర్వాతే ఇంటి వాటా వదులుకునే డీడ్. తొందరలో, బాధలో, ఇల్లు వద్దు ఏమీ వద్దు అని వాటా ముందే రాసిచ్చేసినవాళ్లకి ఇల్లు పోయి అప్పు మిగులుతుంది.

మరణం సంగతి ఇంకా చిక్కు. శ్రీకాంత్‌కి ఏమైనా అయితే లోన్ మొత్తం మాధవి మీదే ఉంటుంది, అందులో సందేహం లేదు. మరి ఆయన మూడింట రెండొంతుల వాటా ఎవరికి వెళ్తుంది? వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, పిల్లలకీ, ఆయన తల్లికీ సమానంగా. ఒక్క బిడ్డ, తల్లి ఉన్నారనుకుంటే ఆ వాటా మూడు భాగాలవుతుంది. మాధవికి తన మూడో వంతుతో కలిపి ఇంట్లో 9లో 5 వంతులు వస్తాయి. మిగతా వారసులకి ఆయన అప్పు ఆయన్నుంచి వచ్చిన ఆస్తి మేరకే వర్తిస్తుంది, ఆవిడకి మాత్రం జీతం మీద కూడా. ఆ ఇల్లు అమ్మాలన్నా అందరి సంతకాలూ కావాలి, బిడ్డ మైనర్ అయితే కోర్టు అనుమతి దాకా వెళ్లాల్సి రావచ్చు. వీలునామా రాసుకోవడం ఈ లోన్ కాగితాల్లో భాగమే అనుకోండి, ఇద్దరూ రాయండి.

ఇన్సూరెన్స్ దగ్గర కూడా జాగ్రత్త. బ్యాంకులో లోన్‌తో పాటు అంటగట్టే పాలసీ తరచుగా మొదటి దరఖాస్తుదారు ఒక్కరి పేరునే ఉంటుంది. మాధవికి ఏమైనా అయితే ఆ పాలసీ పైసా ఇవ్వదు, ఆవిడ కడుతున్న వాటా కూడా శ్రీకాంత్ మీద పడుతుంది. పాలసీ కాగితంలో బీమా ఎవరి మీద, ఎంత మొత్తానికి అని రాసి ఉన్న లైను చూడండి. నా సలహా అయితే ఇద్దరూ విడివిడిగా టర్మ్ పాలసీ తీసుకోండి, ఒక్కొక్కరిదీ మొత్తం లోన్‌కి సరిపడేంత ఉండాలి, బాధ్యత మొత్తానికి కాబట్టి. లోన్ ఇంకో బ్యాంకుకి మార్చుకున్నా ఈ పాలసీ మీతోనే ఉంటుంది.

లోన్ తీరిన రోజున

బ్యాంకు అసలు డాక్యుమెంట్లు 30 రోజుల్లోపు తిరిగి ఇవ్వాలి, వాళ్ల తప్పుతో ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకు చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ రోజు ఇద్దరూ వెళ్లండి, ఒక్కరే వెళ్తే రెండోవాళ్ల రాతపూర్వక అనుమతి అడుగుతారు. లిస్టులో ఉన్న ప్రతి కాగితం ఉందో లేదో అక్కడే సరిచూసుకోండి, ముఖ్యంగా లింక్ డాక్యుమెంట్లు. తనఖా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదై ఉంటే దాన్ని రద్దు చేయించి, ఈసీ తీసి రద్దు కనిపిస్తోందో లేదో చూడండి. రెండు నెలలు ఆగి సిబిల్ రిపోర్టులు తీయండి, ఆయనదీ ఆవిడదీ రెండూ. ఒకరి దగ్గర "క్లోజ్డ్" అని, ఇంకొకరి దగ్గర ఇంకా నడుస్తున్నట్టు ఉంటే, నో డ్యూ సర్టిఫికెట్ జత చేసి సిబిల్ వెబ్‌సైట్‌లో డిస్ప్యూట్ పెట్టండి.